మొదటి పేపర్లకూ చివరి పేపర్లకూ ఒకే కొలతతో మార్కులు పడ్డాయా?

ప్రశ్న: తొమ్మిదో తరగతి ఎస్‌ఏ-1 తెలుగు వ్యాసాలు 60 ఒకే ఆదివారం కూర్చుని దిద్దాను. మొదట్లో గట్టిగా పట్టుకున్నానని, చివరికి వచ్చేసరికి చెయ్యి జారిందని అనుమానంగా ఉంది. మొదటి పది పేపర్ల సగటు, చివరి పది సగటు లెక్క వేస్తే దాదాపు ఒక మార్కు తేడా వచ్చింది. ఇది నా దిద్దుబాటులో తేడానా, పిల్లల్లో తేడానా? ఎలా తేల్చుకోవాలి?

సమాధానం:

సగటులు రెండూ పక్కపక్కన పెట్టుకున్నంత మాత్రాన ఈ ప్రశ్న తేలదండీ. మీరు పేపర్లను ఏ వరుసలో దిద్దారన్నది ముందుగా చూడాలి. కట్ట రోల్ నంబర్ల వరుసలో ఉండి ఉంటే, ఆ వరుస యాదృచ్ఛికమైనది కాదు. చాలా బడుల్లో హాజరు పట్టీలో అబ్బాయిల పేర్లన్నీ ఒకచోట, అమ్మాయిల పేర్లన్నీ ఒకచోట ఉంటాయి. ఏడాది మధ్యలో చేరిన పిల్లలు చివరి నంబర్లలో ఉంటారు. రెండు సెక్షన్ల పేపర్లు కలిపి కట్టినప్పుడు ఒక సెక్షన్ పైన, మరొకటి కింద ఉంటుంది. పరీక్ష గదిలో ఇచ్చినవి ఇచ్చినట్టు పేర్చిన కట్ట అయితే, గంట కొట్టే దాకా రాసినవాళ్ల పేపర్లన్నీ ఒక కొసనే చేరతాయి. ఇలాంటి కట్టలో మొదటి పదికీ చివరి పదికీ మధ్య ఒక మార్కు తేడా పిల్లల వల్లనే రావచ్చు. దీనికి తిరగబడిన ప్రమాదం కూడా ఉంది: చివర్లో ఉన్న పిల్లలు నిజంగా బాగా రాసి, అప్పటికి మీరు గట్టిపడి ఉంటే, ఆ రెండూ ఒకదాన్నొకటి కప్పేసి సగటులు సమానంగా కనిపిస్తాయి. అంటే సగటుల తేడా ఉన్నంత మాత్రాన దిద్దుబాటు జారిందనీ చెప్పలేము, తేడా లేనంత మాత్రాన జారలేదనీ చెప్పలేము.

అందువల్ల మొదటి పేపర్లనూ చివరి పేపర్లనూ నేరుగా ఒకదానితో ఒకటి పోల్చకండి. ఆ రెండు గుంపులనూ కలగలిపి, ఒకే మనఃస్థితిలో మరొకసారి చదివి, కొత్త మార్కులు వేసి, ప్రతి పేపరుకూ కొత్త మార్కులోంచి పాత మార్కు తీసివేయండి. ఆ తీసివేతలను గుంపులవారీగా పోల్చితే విషయం బయటపడుతుంది. పిల్లవాడు బాగా రాశాడా లేదా అన్నది రెండు చదువుల్లోనూ ఒకటే కాబట్టి తీసివేతలో అది కొట్టుకుపోతుంది. రెండోసారి మీరు మొత్తం మీద కాస్త ఉదారంగా ఉన్నా, గట్టిగా ఉన్నా, ఆ తేడా రెండు గుంపులకూ సమానంగా పడుతుంది కాబట్టి గుంపుల పోలికలో అదీ పోతుంది. చివరికి మిగిలేది ఆ ఆదివారం పొద్దునకూ సాయంత్రానికీ మధ్య మీలో వచ్చిన మార్పు.

దీన్ని చేసే విధానం ఇది. మీరు దిద్దిన వరుసలో మొదటి ఆరు, చివరి ఆరు, నడుమ నుంచి మరో ఆరు పేపర్లు తీయండి. నడిమివి ఎందుకో తర్వాత చెబుతాను. బాగా రాసినవి, గుర్తున్నవి అని ఏరకండి. వరుసలో ఎలా ఉంటే అలాగే తీయాలి, ఎందుకంటే ఏరడం మొదలుపెడితే మీ అనుమానాన్ని బలపరిచే పేపర్లే చేతికి వస్తాయి. తర్వాత పాత మార్కు కనబడకుండా చేయాలి. మొదటి పేజీ మీద మొత్తం మార్కును కాగితం అంటించి కప్పితే సరిపోదు. ఎర్ర సిరాతో పెట్టిన టిక్కులు, తప్పుల కింద గీతలు, పక్కన రాసిన అర మార్కులు, పేరా చివర ప్రశ్నార్థకాలు అన్నీ పాత తీర్పును చెబుతూనే ఉంటాయి. ఎర్రగీతలు ఎక్కువగా ఉన్న పేపరుకు రెండోసారి కూడా చెయ్యి తనంతట తాను తగ్గిస్తుంది. అందుకని ఆ 18 పేపర్లను నలుపు తెలుపుల్లో జిరాక్స్ తీయించి, మార్జిన్ భాగాన్ని మడిచి, మార్కులున్న చోట్ల తెల్లకాగితం పెట్టి చదవడం కొంత మేలు. పేపర్ల మీద గీతలు దట్టంగా ఉంటే ఈ జిరాక్స్ కూడా పెద్దగా దాచదు. అప్పుడు కింద చెప్పబోయే జతల పద్ధతి వాడండి.

పేపర్లను బాగా కలిపి, ఏది మొదటి గుంపుదో ఏది చివరి గుంపుదో తెలియని విధంగా వరుస మార్చండి. ఈ పనిని ఇంట్లోవాళ్లతోనో, తోటి ఉపాధ్యాయులతోనో చేయించడం మంచిది. చదవడం కనీసం రెండు రోజులు ఆగి, పొద్దున పూట, ఒకే విడతలో చేయండి. మొత్తం మార్కు కాకుండా విడి మార్కులు వేయండి: విషయానికి ఎన్ని, క్రమానికి ఎన్ని, ఉదాహరణలకు ఎన్ని, భాషకు ఎన్ని. మొదటిసారి మీరు విడి మార్కులు వేయకపోయినా రెండోసారి వేయాలి, ఎందుకంటే జారుడు ఎక్కడ జరిగిందో ఆ విడి మార్కులే చూపిస్తాయి.

ఒక ఉదాహరణను పూర్తిగా చూపిస్తాను. నాతో కలిసి పనిచేసిన ఒక ఉపాధ్యాయురాలు ‘చెరువుల సంరక్షణ’ అనే వ్యాసం 60 పేపర్లు ఒకే రోజు దిద్దారు. తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైన 2015 తర్వాత ఈ అంశం తరగతి గదుల్లో తరచు వస్తుండేది. వ్యాసానికి 10 మార్కులు: విషయానికి 4, క్రమానికి 2, ఉదాహరణలకు 2, భాషకు 2. మొదటి ఆరు పేపర్లకు ఆమె వేసిన మార్కులు వరుసగా 5, 6, 4, 7, 5, 6. చివరి ఆరింటికి 6, 7, 6, 6, 7, 6. మొదటి గుంపు సగటు 5.5, చివరి గుంపు సగటు దాదాపు 6.3. మీకు వచ్చినట్టే ఆమెకూ సుమారు ఒక మార్కు తేడా వచ్చింది.

మూడు రోజుల తర్వాత కలగలిపి చదివినప్పుడు మొదటి గుంపుకు 6, 6½, 5, 8, 6, 6½ పడ్డాయి. తీసివేతలు చూస్తే ఒక పేపరూ తగ్గలేదు. నాలుగింటికి ఒక్కో మార్కు, రెండింటికి అర మార్కు పెరిగింది. ఆరింటికి కలిపి 5 మార్కులు, అంటే పేపరుకు 0.8 దాకా పెరుగుదల. చివరి గుంపుకు 5½, 8, 5, 6, 7, 5½ పడ్డాయి. ఇక్కడ మూడు తగ్గాయి, ఒకటి పెరిగింది, రెండు మారలేదు. మొత్తం మీద ఒక మార్కు తగ్గింది, పేపరుకు 0.2 లోపు. రెండు గుంపుల తీసివేతల మధ్య దూరం సరిగ్గా పేపరుకు ఒక మార్కు. ఇంకో సంగతి చూడండి: రెండో చదువులో మొదటి గుంపు సగటు 6.3, చివరి గుంపు సగటు 6.2. పిల్లలు దాదాపు సమానంగానే రాశారు. సగటుల్లో మొదట కనబడిన తేడా అంతా దిద్దుబాటుదే.

ఈ ఉదాహరణలో నేను ఎక్కువగా చెప్పదలచినది చివరి గుంపు గురించి. మొత్తం మీద మార్పు అతి తక్కువ కాబట్టి చివరి పేపర్లు సరిగానే దిద్దారని ఎవరైనా వదిలేస్తారు. కానీ పాత మార్కులు చూడండి, అన్నీ 6 లేదా 7. రెండో చదువులో అవే పేపర్లు 5 నుంచి 8 దాకా విస్తరించాయి. 8కి తగిన అమ్మాయికి 7, 5కు తగిన అబ్బాయికి 6 పడ్డాయి. ఇది ఉదారత కాదు, గట్టితనమూ కాదు. దిద్దేవారు అలసిపోయి పేపర్లను ఒకదాని నుంచి ఒకటి విడదీయడం మానేసినప్పుడు మార్కులన్నీ నడిమికి చేరతాయి. సగటు దీన్ని అసలు పట్టుకోలేదు, ఎందుకంటే పైవారికి తగ్గినదీ కిందివారికి పెరిగినదీ ఒకదానికొకటి చెల్లిపోతాయి. అందుకే ప్రతి గుంపులోనూ అతి పెద్ద మార్కుకూ అతి చిన్న మార్కుకూ మధ్య దూరం ఎంతో విడిగా చూడాలని గట్టిగా చెబుతాను. నా అనుభవంలో బాగా రాసే పిల్లలకు అన్యాయం జరిగేది ఎక్కువగా ఇక్కడే, ఎందుకంటే 7 వచ్చిన పిల్ల తన మార్కు తక్కువని ఫిర్యాదు చేయదు.

మొదటి పేపర్లలో జరిగినది వేరు. విడి మార్కులు చూసినప్పుడు ఆమెకు తెలిసింది ఏమిటంటే, తగ్గుదలలో ఎక్కువ భాగం ఉదాహరణల దగ్గరే ఉంది. దిద్దడం మొదలుపెట్టేటప్పుడు, పిల్లలు తమ ఊరి చెరువు గురించి, దాని తూము గురించి, కట్ట గురించి రాస్తారని ఆమె మనసులో అనుకున్నారు. మొదటి పేపర్లలో పాఠంలో ఉన్న వాక్యాలే కనబడేసరికి ఉదాహరణలకు సున్నా, అర వేశారు. పదిహేను పేపర్లు అయ్యేసరికి తరగతిలో దాదాపు అందరూ పాఠంలోవే రాశారని అర్థమైంది. అప్పటి నుంచి పాఠంలోని ఉదాహరణకు ఒక మార్కు ఇవ్వడం మొదలైంది. ఎప్పుడు మొదలైందో ఆమె గమనించలేదు, ఎక్కడా రాసుకోలేదు. కొలమానం మారిందన్న ఎరుక లేకుండానే కొలమానం మారింది. ఎక్కువ పేపర్లను ఒకే విడతలో దిద్దినప్పుడు మొదటి పేపర్లకు తక్కువ పడడానికి సాధారణ కారణం ఇదే. దిద్దేవారి మనసులో ఆదర్శ జవాబు ఒకటి ఉంటుంది; మొదటి పేపర్లు దానితో పోటీపడతాయి. తర్వాతి పేపర్లు ఒకదానితో ఒకటి పోటీపడతాయి.

దీనికి వ్యతిరేకంగా జరిగే సందర్భమూ ఉంది. ఒక మంచి సామెతనో, ఒక పద్యపాదాన్నో మొదటిసారి చూసినప్పుడు దిద్దేవారికి సంతోషం కలుగుతుంది, మార్కు పడుతుంది. అదే పద్యపాదం ఇరవయ్యో పేపరులో కనబడితే గైడులోంచి రాశారనిపిస్తుంది, మార్కు పోతుంది. ఇద్దరు పిల్లలూ అదే గైడు చదివి ఉంటారు. తేడా కట్టలో వారి స్థానం మాత్రమే. మీ విడి మార్కుల్లో విషయం స్థిరంగా ఉండి, ఉదాహరణలు మాత్రం చివరికి వచ్చేకొద్దీ తగ్గుతూ ఉంటే, ఈ కారణాన్ని అనుమానించండి.

ఇప్పుడు నడుమ నుంచి తీసిన ఆరు పేపర్ల సంగతి. మనిషి తన పేపర్లను తానే మళ్లీ దిద్దితే, ఏ జారుడూ లేకపోయినా మార్కులు కొంత మారతాయి. 1930లలో ఇంగ్లండులో ఫిలిప్ హార్టాగ్, ఇ.సి. రోడ్స్ జరిపిన పరిశీలనలో 14 మంది పరీక్షకులు 15 చరిత్ర జవాబు పత్రాలను దిద్ది, ఏడాదికి పైగా గడిచాక అవే పత్రాలను మళ్లీ దిద్దారు. ఫెయిల్, పాస్, క్రెడిట్ అనే తీర్పు మొత్తం 210 సందర్భాల్లో 92 చోట్ల మారింది. వారిలో ఎవరూ అనుభవం లేనివారు కాదు. కాబట్టి మీ మొదటి గుంపులో అర మార్కు మార్పులు కనబడగానే జారుడు అనుకోకూడదు. మీకు సహజంగా ఎంత ఊగిసలాట ఉందో ముందు తెలియాలి. నడిమి పేపర్లు దాన్ని చూపిస్తాయి. పైన చెప్పిన ఉపాధ్యాయురాలికి నడిమి ఆరింటిలో రెండు అర మార్కు పెరిగాయి, రెండు అర మార్కు తగ్గాయి, రెండు కదలలేదు. అంటే ఆమె సహజ ఊగిసలాట అర మార్కు, అది రెండు వైపులా పోతుంది. మొదటి గుంపులో ఆరుకు ఆరూ పైకే పోవడం, అందులో నాలుగు పూర్తి మార్కు కదలడం, ఆ ఊగిసలాటకు లోబడే విషయం కాదు. మీ నడిమి పేపర్లే ఒకటిన్నర మార్కు అటూ ఇటూ ఊగుతుంటే, అప్పుడు సమస్య మొదటి, చివరి పేపర్లది కాదు. మార్కుల విభజనే స్పష్టంగా లేదని అర్థం, ముందు దాన్ని సరిచేయాలి.

పేపర్ల మీద గీతలు ఎక్కువగా ఉండి పాత మార్కును దాచలేనప్పుడు జతల పద్ధతి ఉపయోగపడుతుంది. మొదటి పదిహేనులోంచి ఒక పేపరు, చివరి పదిహేనులోంచి ఒక పేపరు, రెండింటికీ ఒకే మార్కు పడినవి తీయండి; ఉదాహరణకు రెండూ 6. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివి, మార్కు వేయకుండా, ఏది మేలైనదో ఒక్కటే చెప్పండి. మార్కు సమానమే కాబట్టి దాచాల్సిన అవసరం ఉండదు. దిద్దుబాటు నిలకడగా ఉంటే కొన్ని జతల్లో మొదటిది, కొన్నిటిలో చివరిది మేలుగా తేలాలి. ఎక్కువ జతల్లో మొదటి పేపరే మేలని తేలితే, చివర్లో తక్కువ నాణ్యతకు అదే మార్కు ఇచ్చారన్నమాట. ఇక్కడ తొందరపడకూడదు. ఐదు జతల్లో మూడు ఒక వైపు, రెండు మరో వైపు వస్తే అది ఏమీ చెప్పదు. ఐదుకు ఐదూ ఏదో ఒకే వైపు రావడం కూడా నాణెం ఎగరేస్తే 16 సార్లలో ఒకసారి జరిగేదే. ఎనిమిది జతలు చేసి ఎనిమిదీ ఒకే వైపు వస్తే మాత్రం అది 128లో ఒకసారి జరిగేది, అక్కడ నమ్మవచ్చు. కాబట్టి ఎనిమిదికి తక్కువ కాకుండా చేయండి. జత పెట్టినప్పుడు చదివే వరుస కూడా మార్చుతూ ఉండాలి. ఒక జతలో మొదటి గుంపు పేపరు ముందు, తర్వాతి జతలో చివరి గుంపు పేపరు ముందు చదవాలి. మార్కులు నడిమికి చేరడాన్ని మాత్రం ఈ పద్ధతి సరిగా పట్టుకోలేదు, ఎందుకంటే మీరు తీసే జతలన్నీ నడిమి మార్కులవే అవుతాయి. ఆ అనుమానం ఉంటే చివరి గుంపులో 6 పడిన పేపర్లనే ఒకచోట పరిచి, అవి నిజంగా ఒక స్థాయివేనా అని చూడండి. 6 పడిన వాటిలో స్పష్టంగా మేలైనవీ స్పష్టంగా బలహీనమైనవీ పక్కపక్కన కనబడితే, విడదీయడం అక్కడ ఆగిపోయిందని తెలుస్తుంది.

మీ పిల్లల చేతిరాత మీకు తెలుసు. ఈ పరీక్షలన్నిటికీ అదే పెద్ద పరిమితి. జిరాక్స్‌లో మార్కు దాచినా, అక్షరాల వంపు చూడగానే ఎవరిదో గుర్తొస్తుంది, ఆ పిల్ల ఎప్పుడూ ఎన్ని తెచ్చుకుంటుందో అదీ గుర్తొస్తుంది. దాంతో రెండో మార్కు కూడా పాత మార్కు దగ్గరికే లాగబడుతుంది, ఉన్న జారుడు తక్కువగా కనబడుతుంది. దీనికి నాకు తెలిసిన మంచి మార్గం మరో బడిలోని తెలుగు పండితుల చేత ఆ 18 పేపర్లు చదివించడం. వారు మీకంటే బాగా గట్టివారనో, మెతకవారనో సంకోచించనక్కరలేదు. వారు ప్రతి పేపరుకూ మీకంటే ఒక మార్కు తక్కువ వేసినా, ఆ ఒక మార్కు మొదటి గుంపులోనూ చివరి గుంపులోనూ సమానంగానే తగ్గుతుంది. మీరు చూసేది రెండు గుంపుల తీసివేతల మధ్య దూరాన్ని కాబట్టి వారి స్వభావం లెక్కలోకి రాదు. వారు కూడా కలగలిపిన వరుసలోనే, గుంపులు తెలియకుండా చదవాలి. అది మాత్రం తప్పనిసరి.

జారుడు ఉందని తేలితే ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడ చాలామంది రెండు పనులు చేస్తారు, రెండూ కూడదు. మొదటిది, మళ్లీ చదివిన ఆరు పేపర్లకు మాత్రమే మార్కులు సవరించి మిగతావి వదిలేయడం. పరిశీలన కోసం తీసిన పేపరు అయినందుకు ఏడో నంబరు పిల్లవాడికి దక్కనిది ఆరో నంబరు పిల్లవాడికి దక్కకూడదు. రెండోది, మొదటి పదిహేను పేపర్లకూ ఒక్కో మార్కు కలిపేయడం. పై ఉదాహరణలోనే చూడండి, ఆరింటిలో నాలుగింటికి ఒక మార్కు రావాలి, రెండింటికి అర మార్కే రావాలి. ఉదాహరణలకు మొదటే పూర్తి మార్కు పొందిన పేపరు ఉంటే దానికి ఏమీ కలపనక్కరలేదు. కారణం ఒక అంశంలో ఉన్నప్పుడు, సవరణ కూడా ఆ అంశాన్ని చదివే చేయాలి.

సరైన పని, జారుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కనుక్కుని ఆ మేరకు మళ్లీ దిద్దడం. మొదటి ఆరు తర్వాత 9, 12, 15, 18 నంబర్ల పేపర్లు తీసి చదవండి. తీసివేత మీ సహజ ఊగిసలాటలోకి వచ్చి రెండు వైపులా పోవడం ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఆగండి. అనుమానం తీరడానికి దాని తర్వాత మరో రెండు చూడండి. చివరి వైపు నుంచి వెనక్కి అలాగే రండి. ఆ ఉపాధ్యాయురాలికి ముందువైపు 15 దాకా, వెనకవైపు 47 నుంచి 60 దాకా తేలింది. మొత్తం 29 పేపర్లు మళ్లీ దిద్దాల్సి వచ్చింది, మిగతా 31 ముట్టుకోలేదు. మొదటి 15కు ఉదాహరణల మార్కు ఒక్కటే సరిచూశారు: పాఠంలోని ఉదాహరణ అయితే 1, సొంత ఊరి వివరం అయితే 2 అని కాగితం మీద రాసుకుని, దాని ప్రకారం. అది పేపరుకు రెండు నిమిషాల పని. చివరి 14 పేపర్లను మాత్రం పూర్తిగా, విడి మార్కులతో మళ్లీ చదివారు, ఎందుకంటే అక్కడ ఒక అంశం కాదు, చదవడమే పలచబడింది. ఆ 14ను ఒకే విడతలో కాకుండా ఏడేసి చొప్పున రెండు పూటలు చదివారు.

చదవడం పలచబడిందనడానికి మరో ఆధారం గడియారం. ఇప్పుడు దిద్దిన కట్టకు ఆ లెక్క మీ దగ్గర ఉండకపోవచ్చు కానీ, వచ్చే కట్ట నుంచి ప్రతి పదో పేపరు దగ్గర టైము మూలకు పెన్సిలుతో రాయండి. మొదటి పదికి గంట పట్టి, చివరి పదికి 25 నిమిషాలు పట్టిందంటే, కొంత వేగం అలవాటు వల్ల వచ్చినదే అయినా, మొదటి పేరా, చివరి పేరా చూసి మార్కు వేసిన పేపర్లు అందులో ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి చోట మీ టిక్కులు కూడా చెబుతాయి: మొదటి పేపర్లలో టిక్కులు పేజీ అంతటా ఉంటాయి, చివరి పేపర్లలో పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. ఈ ఆధారం కోసం మళ్లీ దిద్దనక్కరలేదు, కట్ట తిరగేస్తే చాలు. ఇప్పుడే ఆ పని చేయండి. మీ అనుమానం ఎంత గట్టిదో అరగంటలో ఒక అంచనా వస్తుంది.

వచ్చే పరీక్షకు ముందు ఒక మార్పు మాత్రం తప్పక చేయమని కోరుతున్నాను: కట్టను రోల్ నంబర్ల వరుసలో దిద్దకండి. జారుడును పూర్తిగా ఆపడం ఎవరికీ సాధ్యం కాదు. కానీ ప్రతి పరీక్షలోనూ ఒకటో నంబరు నుంచే మొదలుపెడితే, మొదటి పేపర్ల గట్టితనం ఏడాది పొడవునా ఆ ఐదారుగురి మీదే పడుతుంది. ఎఫ్‌ఏల్లోనూ పడుతుంది, ఎస్‌ఏల్లోనూ పడుతుంది, చివరికి అది ఆ పిల్లల స్థాయిగా రిజిస్టరులో నిలిచిపోతుంది. కట్టను పేక ముక్కల్లా కలిపి దిద్ది, మార్కులు ఎక్కించేటప్పుడు రోల్ నంబర్ల వరుసకు తెచ్చుకుంటే పది నిమిషాల అదనపు పని. పేపరులో రెండు, మూడు వ్యాసరూప ప్రశ్నలుంటే, మొదటి ప్రశ్న అందరిదీ దిద్దాక కట్టను మళ్లీ కలిపి రెండో ప్రశ్న దిద్దాలి. అప్పుడు ఒక ప్రశ్నలో మొదట్లో ఉన్న పిల్లవాడు మరో ప్రశ్నలో మధ్యలోనో చివరనో ఉంటాడు.

ఇక పబ్లిక్ పరీక్షల స్పాట్ వాల్యుయేషన్‌లో మీకు ఈ సౌకర్యం ఉండదు. కట్ట రాత్రి మీ దగ్గర ఉండదు, జిరాక్స్ తీయడం కుదరదు, దిద్దినవి చీఫ్ ఎగ్జామినర్‌కు అప్పగించాలి. వారు కొన్ని పేపర్లు తిరిగి చూస్తారు గానీ, మీ మొదటి పేపరునూ చివరి పేపరునూ పక్కన పెట్టి చూడడం వారి నుంచి ఆశించలేము. అక్కడ చేయగలిగింది ఒక్కటే: ఆ పూట కట్ట అప్పగించే ముందు, మొదట దిద్దిన రెండు పేపర్లనూ చివర దిద్దిన రెండు పేపర్లనూ బయటికి తీసి, ఒకే ప్రశ్న జవాబును నాలుగింటిలోనూ వరుసగా చదవండి. నాలుగే కాబట్టి ఇది జారుడును నిరూపించదు. కానీ ఒక కొలమానం మధ్యలో మారి ఉంటే, నాలుగు జవాబులు పక్కపక్కన ఉన్నప్పుడు అది చాలాసార్లు కంటికి కనబడుతుంది. నిబంధనల ప్రకారం సవరించుకోవడానికి కట్ట ఇంకా మీ చేతిలోనే ఉంటుంది. సవరించిన ప్రతి చోటా పాత అంకెను ఒక గీతతో కొట్టి, కొత్తది రాసి, పక్కన సంతకం చేయండి.